పూడ్చిన గీత

బుధవారం ఉదయం ఆఫీసు గోడ మీది బోర్డులోని అంకెను లెక్కలమ్మ రెండుసార్లు చదివింది. ఆన్‌లైన్‌లో చెప్పులమ్మే ఆ కంపెనీకి మామూలు మంగళవారం మూడువేల నాలుగొందల ఆర్డర్లు వస్తాయి. నిన్న వచ్చినవి రెండువేల రెండొందలు. ఆ లెక్కలన్నీ చూసేది ఆవిడే కాబట్టి ఆఫీసులో ఆ పేరు పడిపోయింది.

"మళ్లీ ట్రాకింగ్ పోయిందా?" అన్నాడు మేనేజరు, తాపీగా టీ తాగుతూ.

ఆ తాపీకి కారణం ఉంది. పన్నెండు రోజుల కిందట బోర్డు మీది లెక్క ఇలాగే పడింది. ఆర్డరు పూర్తయ్యాక వచ్చే పేజీని కొత్తగా మార్చినప్పుడు, కొన్నవాళ్లను లెక్కపెట్టే కోడు సగం ఫోన్లలో ఊడిపోయింది. అమ్మకాలు జరుగుతున్నాయి, బోర్డుకే తెలియడం లేదు. దాన్ని పట్టుకున్నది లెక్కలమ్మే. అందరూ భుజం తట్టారు. బాగయ్యేదాకా బోర్డు బోసిగా ఉండకూడదని మేనేజరు తొందరపెడితే, ఖాళీలను పాత వారాల సగటుతో పూడ్చేసింది. అసలు ఆర్డర్ల పట్టీ చూడాలంటే వేరే విభాగం అనుమతి కావాలి, దానికి రెండు రోజులు పడుతుంది. ఎవరికుంది ఓపిక? బోర్డు మీద అమ్మకాల గీత చక్కగా, తిన్నగా సాగింది. ఆ తిన్నని గీత చూసుకునే కంపెనీ ప్యాకింగులోకి ముప్పైమందిని కొత్తగా తీసుకుంది.

వాళ్లలో ఒకడు ఆవిడ అన్నయ్య. పదకొండేళ్లు స్కూలు బస్సు నడిపినవాడు, చెల్లెలి మాట మీద ఆ పని వదిలేసి వచ్చాడు.

కోడు సోమవారం రాత్రి బాగైంది. అంటే నిన్నటి లెక్క నిజమైన లెక్కే కావాలి. అయినా లెక్కలమ్మ మనసులో దేవుళ్లందరికీ మొక్కుకుంది. ఇంకేదైనా చెడిపోయి ఉండాలి. ఏదో ఒకటి.

ఈసారి పట్టుబట్టి గంటలో అనుమతి తెచ్చుకుంది. ఆర్డర్ల పట్టీలో నిన్న రెండువేల రెండొందల పన్నెండు. బోర్డుతో దాదాపు సరిపోయింది. ట్రాకింగు చెడలేదు.

డబ్బు కట్టే దగ్గర ఆగిపోతున్నారేమో చూసింది. అలాగైతే బుట్టలు నిండుతాయి, ఆర్డర్లు మాత్రం రావు. అవి ఫలానా నిమిషంలో ఠక్కున తెగిపోతాయి, లేదా ఫలానా ఫోన్లలోనే ఆగుతాయి. అలాంటిదేమీ లేదు. కట్టే పేజీకి వచ్చిన వందమందిలో ఎనభైరెండుమంది కట్టారు, ఎప్పుడూ అంతే. ఫోన్లోనూ కంప్యూటర్లోనూ ఒకే తీరు. అన్ని గంటల్లోనూ రద్దీ పల్చగానే ఉంది. అసలు దుకాణంలోకి తొంగిచూసినవాళ్లే మూడోవంతు తగ్గారు.

అంటే జనం రావడం లేదు. అంతే.

అప్పుడు వెనక్కి వెళ్లింది. వెళ్లకపోతేనే బాగుండేది. కోడు ఊడిపోయిన రోజున పట్టీలో మూడువేల నూటయాభై. ఆ తర్వాత రెండువేల తొమ్మిదొందలు. తర్వాత ఇంకా తక్కువ. పన్నెండు రోజులుగా అమ్మకాలు నిజంగానే జారుతున్నాయి. ట్రాకింగు తప్పూ నిజమే, పతనమూ నిజమే. ఒకటి దొరకగానే రెండోదాన్ని వెతకడం మానేసింది. పైగా తన చేత్తో దాని మీద మట్టి కప్పింది.

పోయిన వారం భోజనాల దగ్గర అన్నయ్య అన్న మాట గుర్తొచ్చింది. "మూడయ్యేసరికి మా బల్ల ఖాళీ అయిపోతోందే. పార్సిళ్లు రావట్లేదు."

తను నవ్వేసింది. "బోర్డు మీద బ్రహ్మాండంగా ఉంది అన్నయ్యా. నువ్వు కొత్త కదా, నీకు తెలీదులే."

చెమట కారుస్తూ పార్సిళ్లు కట్టే మనిషికి తెలీదట! తనమీద తనకే అసహ్యం వేసింది.

రెండు గీతలూ పక్కపక్కన పెట్టి మేనేజరుకు చూపించింది. తను పూడ్చిందనీ, అది తప్పనీ దాచకుండా చెప్పింది. ఆయన రెండు గీతల మధ్య ఖాళీని వేలితో కొలిచాడు.

"సరే, ఇప్పటికైనా పట్టుకున్నావు. మంచి పని చేశావమ్మా," అన్నాడు. ఫోను తీశాడు. "ప్యాకింగులో చివర చేరిన ముప్పైమందినీ పనిలోంచి తీసేయండి."

"సార్, తప్పు నాది. వాళ్లది కాదు."

"తప్పెవరిదైతే ఏంటమ్మా, కట్టడానికి పార్సిళ్లుండాలిగా?"

ఆవిడను ఎవరూ ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండునని ఆవిడకు ఏడుపొచ్చింది.

సాయంత్రం గేటు బయట అన్నయ్య టిఫిను డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాడు. స్కూలు వాళ్లకు అప్పుడే ఫోను చేశాడట, బస్సుకు వేరే డ్రైవరు వచ్చేశాడట.

"అన్నయ్యా, నువ్వు ముందే చెప్పావు. నేనే వినలేదు," అంది తలెత్తకుండా.

"చెప్పానా?" అన్నాడు అన్నయ్య. కాస్త ఆలోచించి, మెల్లగా, "అవునే, చెప్పాను. కానీ నువ్వు లేదన్నాక, నా కళ్లే తప్పేమో అనుకున్నా," అన్నాడు.