ఆకు వక్క రంగే కదా

మా ఆయన ఓబుళేశుకు ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. ఈ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. పెళ్లికి ముందు రైల్వే ఉద్యోగానికి వెళ్లి, కంటి పరీక్షలో రంగు చుక్కల పుస్తకంలోని అంకెలు చదవలేక తిరిగొచ్చిన మనిషి, ఇంట్లో మాత్రం ఎత్తు చాలలేదని చెప్పాడు. గుమ్మానికి తల తగిలేంత పొడుగుంటాడు. అయినా మా అత్త నాగలక్ష్మమ్మ నమ్మేసింది. కొడుకు మాటంటే ఆమెకు అంత గురి.

కోడుమూరులో మాకు విత్తనాలు, పురుగుమందుల అంగడి ఉంది. మందు డబ్బా మీద ఒక మూల రంగు గుర్తు ఉంటుంది, ఎరుపైతే అన్నిటికంటే ఎక్కువ విషం. కొత్తలో ఆ రంగులు చెప్పే పని నాదే. చొక్కాలు, టమాటాలు, కరెంటు తీగలు, అన్నిటికీ "మధులతా, ఇదేం రంగు?" అని నా వెంటపడేవాడు. తర్వాత ఫోనులోకి ఏఐ వచ్చింది. ఫోటో తీసి నోటితో అడిగితే చాలు, జవాబు చదివి వినిపిస్తుంది. నన్నడగడం మానేశాడు. ఫోను నాలాగా ఎగతాళి చేయదు కదా, మహా నమ్మకం కుదిరింది.

డబ్బాల విషయంలో అది ఎన్నడూ తప్పు చెప్పలేదు. ఎందుకు చెబుతుంది? ఎర్ర గుర్తున్న డబ్బా మీద పుర్రె బొమ్మ ఉంటుంది, విషమని రాసి ఉంటుంది. పండిన టమాటా ఎర్రగా ఉంటుందని దానికి ముందే తెలుసు. రంగు చూసి చెబుతోందో, వస్తువును చూసి అంచనా వేస్తోందో మనకేం తెలుస్తుంది? ఒకరోజు బల్బు వెలుతురులో నా తెల్ల రవిక ఫోటో తీసి అడిగితే లేత పసుపు అంది.

"చూడబ్బా, వెలుతురు మారితే దానికీ మతి పోతాది" అన్నాను.

"ఒక్కసారికే తప్పు పడతావా? నువ్వు శానాసార్లు తప్పు చెప్పినావులే" అని నవ్వాడు.

నిరుడు అత్తకు టీబీ వచ్చింది. మందులన్నీ వాడింది, తగ్గింది. కానీ ఊపిరితిత్తి దెబ్బతిందనీ, దగ్గులో నెత్తురు ఒక్క చారిక కనిపించినా ఆ రోజే తీసుకురమ్మనీ కర్నూలు డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆమె తనంతట చూసుకునే వీల్లేదు, రెండు కళ్లకూ శుక్లాలు. పైగా ఆకు వక్క మానమంటే మానదు. ఉమ్మేది ఇత్తడి గిన్నెలో, ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది. అందుకే రోజూ ఆ గిన్నె చూసే పని నేను పెట్టుకున్నాను.

ఇంతలో ఎర్రగుంట్లలో మా చెల్లెలు శిల్పకు కాన్పైంది. తోడుగా ఉండడానికి వెళ్లాలి. వెళ్తూ మా ఆయనకు మరీ మరీ చెప్పాను. "గిన్నె పక్కింటి సుబ్బలక్ష్మమ్మకు చూపీ. నువ్వు చూసి చెప్పొద్దు, ఫోనును అడగొద్దు."

"సరేలే, పో" అన్నాడు.

ఆ పక్కింటావిడకు చూపిస్తే ఎందుకని అడుగుతుంది. అడిగితే అసలు సంగతి చెప్పాలి. ఈ మనిషి ఆ గడప ఎక్కలేదు. తరువాత జరిగినదంతా ఆయనే చెప్పాడు, ఏడ్చుకుంటూ.

ఒక సాయంత్రం అత్త దగ్గి ఉమ్మి, కొడుకును పిలిచింది.

"నాయనా, నోరు ఉప్పగా ఉండాది. నెత్తురేమో చూడప్పా."

ఆయనకు గిన్నెలో కనిపించింది మడ్డి రంగు. రోజూ కనిపించేది అదే. నాకు తెలియదమ్మా అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. వెలుతురు చాలడం లేదని సాకు చెప్పి గిన్నెను వంటింట్లోకి తీసుకెళ్లి, బల్బు కింద ఫోటో తీశాడు. నెత్తురని వినాలని ఏ కొడుక్కీ ఉండదు. అందుకే అడగడం కూడా అలాగే అడిగాడు. "మా అమ్మ ఆకు వక్క నమిలి ఉమ్మింది. ఇది ఆకు వక్క రంగే కదా?"

"అవును, ఈ ముదురు ఎరుపు గోధుమ రంగు తాంబూలం ఉమ్మికి సరిపోతుంది" అని మొదలుపెట్టింది ఫోను. అక్కడే నొక్కి ఆపేశాడు. కింద ఇంకా రెండు వాక్యాలున్నాయని ఆయనకు తెలుసు. ఎప్పుడూ ఇలాంటి హెచ్చరికలేవో చదువుతుందని వినడం మానేసి చాలా కాలమైంది.

"ఏమీ లేదమ్మా, ఆకు వక్కే" అన్నాడు.

"నువ్వు చూసినావు గదా, ఇంక నాకేం భయం" అంది అత్త.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. నేను ఫోన్ చేస్తే అత్తే ఎత్తి, "మావాడు చూస్తాండాడులే, నువ్వు పసిబిడ్డను చూసుకో" అనేది.

నేను తిరిగొచ్చేసరికి పెరట్లో తీగ మీద తెల్ల టవలు ఆరేసి ఉంది. మధ్యాహ్నపు ఎండలో దాని మీది మరక చూసి చేతిలో సంచి వదిలేశాను. ఆకు వక్క మరకలు రోజూ ఉతికిన చేతులు నావి. ఇది అది కాదు, ఉతికినా పోని నెత్తురు. లోపల అత్త గోడకు ఆనుకుని దగ్గుతోంది, గడ్డం మీద ఎర్రగా కారుతోంది. మా ఆయన గిన్నె పట్టుకుని పక్కనే కూర్చుని ఉన్నాడు, ఏ బెదురూ లేకుండా.

"నెత్తురు! కండ్లు కనపడ్లేదా నీకు?" అని అరిచాను. ఆ మాట ఎవరితో అంటున్నానో అన్నాక తెలిసింది.

కారులో కర్నూలుకు బయలుదేరాం, నడిపేది ఆయనే. అత్త వెనక సీట్లో నా ఒళ్లో పడుకుంది. నాకు కోపం ఆగలేదు. కోడుమూరు దాటకముందే ముందు సీటు మీదినుంచి ఆయన ఫోను లాక్కున్నాను. ఆయన అడిగినవన్నీ అందులో కనిపించాయి. పాత మాటల జాడ లేకుండా కొత్తగా తెరిచి, మొదటి సాయంత్రం ఆయన తీసిన ఫోటోనే పెట్టి, ఆకు వక్క పేరెత్తకుండా అడిగాను. "ఈ గిన్నెలో ఉన్నది ఏ రంగు? ఏమై ఉండొచ్చు?"

ముదురు ఎరుపులా ఉందనీ, రక్తమైనా కావచ్చు, తాంబూలమైనా కావచ్చనీ చెప్పింది. పసుపు వెలుతురు, ఇత్తడి గిన్నె వల్ల ఫోటోలో అసలు రంగు మారి ఉండొచ్చంది. ఫోటో చూసి ఏదీ తేల్చలేననీ, దగ్గుతో వచ్చి ఉంటే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లమనీ చెప్పింది. ఫోటో అదే, ఫోనూ అదే. ఆయన కూడా విన్నాడు.

"నేను 'ఆకు వక్కే కదా' అని అడిగితే అవునన్యాది" అన్నాడు. ఆయన మీద జాలి వేసింది, ఆ జాలి మీద కూడా కోపం వచ్చింది.

ఆసుపత్రిలో అత్తను పక్కకు తిప్పి పడుకోబెట్టారు. డాక్టరు చిన్నవాడు. ఎన్నాళ్లుగా నెత్తురు పడుతోందని మా ఇద్దరినీ అడిగాడు. మేం నోరు తెరవకముందే అత్త చెయ్యెత్తింది.

"నెత్తురు గాదు సార్, ఆకు వక్క" అంది. పళ్లన్నీ ఎర్రగా ఉన్నాయి. "మా కొడుకు దినామూ చూస్తాండాడు. ఫోటో తీసి మరీ చూసినాడు."

డాక్టరు తల తిప్పి ఓబుళేశును చూశాడు. అలా చూస్తే ఎవరికైనా భూమి చీలితే బాగుండుననిపిస్తుంది. ఆయన మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని తల్లి చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మా, నాకు ఎరుపు కనపడదు. చిన్నప్పటినుంచీ అంతే. రైల్వేలో నన్ను తీసుకోనిది అందుకే. నేను చూడలేదమ్మా."

ఆమె మసక కళ్లతో కొడుకు మొహం వెతికింది. కోపం లేదు ఆ మొహంలో, అయోమయం ఉంది.

"మరి ఇన్ని దినాలూ చూసిందెవరప్పా?" అని అడిగింది.

మళ్లీ దగ్గు తెర వచ్చింది, ఈసారి ఆగలేదు. మమ్మల్ని బయటికి పంపేశారు. కాసేపటికి డాక్టరు వచ్చి ఆమె పోయిందని చెప్పేవరకూ ఆయన వరండాలో నా పక్కన నిలబడి, చొక్కా మీది మరక చూపించి "మధులతా, ఇదేం రంగు?" అని అడుగుతూనే ఉన్నాడు.