ఆరు టేపుల లెక్క

కరువు మీద మేం తీస్తున్న డాక్యుమెంటరీకి డిస్కులు తెప్పించేది నేనే, లెక్కా నాదే. డీవీ టేపు మీది వీడియోను డిస్కులోకి ఎక్కిస్తే నిమిషానికి 216 ఎంబీ పడుతుంది. అంటే గంట టేపుకు 13 జీబీ. వీరేష్ తనకల్లులో షూటింగ్ చేసి తెచ్చినవి ఆరు టేపులు కాబట్టి, 78 జీబీ. ఎనభై జీబీ డిస్కు తెప్పించాను. నాలుగు టేపులకే అది నిండిపోయింది.

నాసిరకం డిస్కు అంటగట్టాడని షాపువాణ్ణి ఫోన్లో ఎడాపెడా తిట్టాను. ఫోన్ పెట్టేశాక ఫైళ్లు తెరిచి చూస్తే, ఒక్కో టేపు తొంభై నిమిషాలుంది.

"వీరేష్, కెమెరా ఏ సెట్టింగులో పెట్టినావప్పా?"

"ఎల్పీలో, రెబెకక్కా. టేపు నిదానంగా తిరుగుతాది, ఎక్కువసేపు వస్తాది. డిస్కులో కూడా తక్కువే పడుతుందేమో అనుకుంటి."

నిజమేనా? మామూలు సెట్టింగులో ఒక నిమిషం, ఎల్పీలో ఒక నిమిషం విడివిడిగా ఎక్కించి చూశాం. రెండూ 216! టేపు మీద వీడియో నమోదయ్యే గీతలు సన్నబడి దగ్గర దగ్గరగా సర్దుకున్నాయంతే, సమాచారం మాత్రం రవ్వంత కూడా తగ్గలేదు.

"అసలు ఎల్పీ ఎందుకు పెట్టినావు?"

"గొర్రెలు కాసే హనుమక్క లేదా? ఆయమ్మ కథ చెప్తాంటే, టేపు మార్చేకి ఒకసారి ఆపమంటి. మళ్లా మొదటి నుంచి ఎత్తుకునింది."

లెక్క రాసుకున్న చీటీలో 'ఆరు టేపులు' కొట్టేసి '540 నిమిషాలు, 117 జీబీ' అని రాశాను. ఇంకో డిస్కు చాలన్నాను.

"యాడ చాలుతుందక్కా," అన్నాడు వీరేష్. "ఆయమ్మ ఇంకా బోరు ఎండిన కాడికి రానేలేదు."