నల్లోడి లివరు

జకరయ్య గారి కుక్క తాగుతోందని నాకు చెప్పింది ఆయన భార్య కరుణాకుమారి. పొద్దున్నే, ఆసుపత్రి గేటు తీసీ తీయకముందే వచ్చి చెప్పింది. మైపాడు దారిలో మాది పశువుల ఆసుపత్రి. గేదె ఈనలేక అవస్థ పడుతోందని వస్తారు, మేకకు కడుపు ఉబ్బిందని వస్తారు, కోడికి కాలు విరిగిందని కూడా వస్తారు. తాగుబోతు కుక్క రావడం మాత్రం నా సర్వీసులో అదే మొదలు.

అంతకు ముందు సంగతి కొంచెం చెప్పాలి. జకరయ్య గారిది రొయ్యల గుంటల దగ్గర కాపలా పని. నల్లోడనే ఊరకుక్క ఏళ్లుగా ఆయనతోనే గుంట గట్టు మీద ఉంటుంది. ఈ మధ్య అది కుండెడు నీళ్లు తాగుతోందనీ, ఎక్కడ పడితే అక్కడ పోస్తోందనీ, ఎంత పెట్టినా ఇంకా కావాలంటోందనీ మొగుడూ పెళ్లాలిద్దరూ తీసుకొచ్చారు. చూస్తే పొట్ట కిందికి జారి ఉంది, డొక్కల మీద వెంట్రుకలు పల్చబడ్డాయి. నెత్తురు తీసి నెల్లూరులో ఒక ల్యాబుకి పంపించాను. ల్యాబువాళ్లు ఫోన్ నంబరు అడిగితే కరుణాకుమారి తన నంబరు ఇచ్చింది. అక్కడే వచ్చింది తంటా అంతా. రిపోర్టు నాకంటే ముందు ఆమె వాట్సాప్‌కి వెళ్లింది.

"లివరు పోయింది మేడమ్," అని ఫోను నా ముఖం మీద పెట్టింది. "ఎర్ర గీతలు చూడండి. మా అన్న ఆనందబాబు రిపోర్టు కూడా అచ్చం ఇట్టనే ఉన్నింది. పొట్ట ఇట్టనే వచ్చింది. తాగి తాగి పోయినాడు మా అన్న."

"కుక్క ఎట్లా తాగుతుందమ్మా?"

"అది కొనుక్కోని తాగుతుందా ఏంది? మా ఇంటాయన గుంట కాడ తాగతా దానికి పోస్తా ఉండాడు. ఇంక యాడినించి వస్తాది?"

జకరయ్య గారు ఒకప్పుడు బాగా తాగేవారట. బాప్తిస్మం తీసుకున్న రోజు మానేశారు. మానేశానని ఈమెకు మాట ఇచ్చాకే ఈమె పుట్టింటి నుంచి తిరిగొచ్చింది. ఆ మాట మీదే ఇన్నేళ్ల కాపురం నిలబడింది. ఇప్పుడాయన చర్చిలో సంఘపెద్ద. నెలకోసారి బల్లారాధనలో క్రీస్తును తలచుకుంటూ రొట్టె విరిచి అందరికీ అందించేది ఆయనే. ఈ ఆదివారమే బల్ల.

"కుక్కకి సారాయి వల్లే లివరు పోయిందని ఒక కాగితం రాసివ్వండి," అంది కరుణాకుమారి. "పాస్టరు గారికి చూపిస్తా. ఆ చేత్తో రొట్టె విరవనియ్యను. తర్వాత బిట్రగుంటలో మా చెల్లెలింటికి పోతా."

నాకు ఒళ్లు మండింది. డాక్టరు చదవకముందే రిపోర్టు చదివేవాళ్లంటే నాకు మొదటినుంచీ పడదు. ఫోను లాక్కుని చదివాను. ఏఎల్‌పీ అనే ఎంజైము ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఉంది. ఏఎల్‌టీ అనేది మరో ఎంజైము, అది కాస్త ఎక్కువ. లివరు పని చేస్తోందో లేదో చెప్పేవి వేరే ఉంటాయి. కామెర్లు తెలిపే బిలిరుబిన్, లివరు తయారుచేసే ఆల్బుమిన్, రక్తంలో చక్కెర. ఆ మూడూ చక్కగా ఉన్నాయి. వాటికి ఎర్ర గీత లేదు కాబట్టి కరుణాకుమారి వాటి మొహం కూడా చూడలేదు.

"నల్లోడు మొరిగితే దొంగ వచ్చాడనేనా?" అని అడిగాను.

"పీత కనపడినా మొరుగుతాది అది."

"ఇదీ అంతే. ఈ అంకె పెరిగిందంటే ఒంట్లో ఏదో అరుస్తోందని అర్థం. ఎందుకు అరుస్తోందో అది చెప్పదు. ఎదిగే కుక్కపిల్లయితే ఏఎల్‌పీ ఎముకల్లోంచి కూడా వస్తుంది. ఏఎల్‌టీ కండ దెబ్బతిన్నా పెరుగుతుంది. ఫిట్స్ బిళ్లలు మింగినా ఏఎల్‌పీ పెరుగుతుంది, ఒంట్లో స్టెరాయిడ్ ఎక్కువైనా పెరుగుతుంది. కుక్కల్లో మరీ పెరుగుతుంది. లివరుకు జబ్బు ఉండి తీరాలని లేదు."

"అయితే తాగలేదని రాసిస్తారా?"

"ఈ రిపోర్టులో సారాయికి గడి లేదమ్మా. తాగిందనీ రాయను, తాగలేదనీ రాయను. కుక్కని నెల్లూరు తీసుకెళ్లి పొట్ట స్కానింగు తీయించండి. రేపు ఇద్దరూ రండి. మీ దగ్గర పాస్టరు గారి నంబరు ఉంటే రేపటిదాకా దాని జోలికి పోకండి."

మర్నాడు ముగ్గురూ వచ్చారు. ఆటోలో నల్లోడు మధ్యన కూర్చుంది. మొగుడూ పెళ్లాలు చెరో అంచునా కూర్చుని చెరో దిక్కూ చూస్తున్నారు. ఆమె చంకలో బట్టల సంచి ఉంది. బిట్రగుంట సంచి అన్నమాట. అంత ఉక్కలోనూ జకరయ్య గారు మణికట్టు దాకా చొక్కా చేతులు దించి గుండీలు పెట్టుకున్నారు. సంఘపెద్ద కదా, పద్ధతిగా ఉంటారనుకున్నాను.

స్కానింగు చూశాను. లివరు కొంచెం పెద్దదైంది గాని గడ్డలు లేవు. పిత్తాశయం శుభ్రంగా ఉంది. కిడ్నీల పక్కన అడ్రినల్ గ్రంథులని రెండు చిన్నవి ఉంటాయి. ఒంటికి కావాల్సిన స్టెరాయిడ్ తయారుచేసేవి అవే. రెండూ ముడుచుకుపోయి ఉన్నాయి. నేను కుర్చీలో ముందుకు జరిగాను.

"ఈ గ్రంథులు ఎక్కువ పని చేసి జబ్బు తెచ్చి ఉంటే, ఒకటో రెండో ఉబ్బి కనబడాలి," అన్నాను. "ఇవి ముడుచుకున్నాయి. అంటే బయటినుంచి ఎవరో స్టెరాయిడ్ ఇస్తున్నారు, మాకేం పనిలేదని ఇవి పడుకున్నాయి. నీళ్లు తాగడం, పొట్ట జారడం, వెంట్రుకలు రాలడం, ఆ ఏఎల్‌పీ, అన్నీ దానివల్లే. దీనికి ఎవరైనా సూది వేశారా? చెవిలో చుక్కలు? ఒంటికి పూత?"

"లేదు మేడమ్," అన్నారు జకరయ్య గారు.

"ఇంట్లో ఎవరైనా ఏదైనా మందు వాడుతున్నారా?"

"మా ఇంట్లో తలనొప్పి బిళ్ల కూడా ఉండదు," అంది ఆమె.

"లేదు మేడమ్," అన్నారాయన మళ్లీ. ఈసారి నేలవైపు చూసి అన్నారు.

"చూసినారా? అబద్ధం చెప్పేటప్పుడు ఇట్టనే కిందకి చూస్తాడు," అంది కరుణాకుమారి. కళ్లనిండా నీళ్లు. "తాగినప్పుడు కూడా ఇట్టనే చూసేవాడు. సీసా యాడ దాచినావయ్యా? చెప్పు!"

"నేను తాగలా కరుణా. దేవుని తోడు."

"దేవుణ్ణి ఇందులోకి లాగద్దు!"

అప్పుడు బల్ల మీదున్న నల్లోడికి విసుగు పుట్టింది. దాని దృష్టిలో ఇది చాలాసేపు సాగిన మీటింగు. మెడ చాచి జకరయ్య గారి చొక్కా చేతిని ముక్కుతో పైకి తోసి, మణికట్టు నాకడం మొదలుపెట్టింది. మురిపెంగా కాదు. రోజూ చేసే డ్యూటీలాగా, శ్రద్ధగా నాకింది. ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నారు. అది రెండో చేతికి వెళ్లింది.

"చొక్కా చేతులు పైకి మడవండి," అన్నాను.

"వద్దు మేడమ్."

"మడవండి."

గుండీలు విప్పడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. మోచేతులదాకా తామర. అంచులు చెరిగిపోయి, ఎర్రగా పాకి, మధ్యలో చర్మం పల్చబడి నరాలు తేలి ఉన్నాయి. కరుణాకుమారి నోటిమీద చెయ్యి పెట్టుకుంది. ఒకే కప్పు కింద ఉంటూ ఆమె ఎన్నాళ్లుగానో ఆ చేతులు చూడలేదు.

చొక్కా జేబులోంచి ఆయన ఒక ట్యూబు తీసి నా ముందు పెట్టారు. మందుల షాపులో తామరకని అడిగితే ఇచ్చారట. దురద టక్కున ఆగిపోతుందట. మానేస్తే మళ్లీ లేస్తుందట, మళ్లీ పూస్తారట. ఆ ట్యూబు మీద చిన్న అక్షరాల్లో ఉంది, గట్టి స్టెరాయిడ్ పేరు.

"రోజూ గుంట కాడ సాయంత్రం పూసుకుంటా. వీడు పక్కన కూర్చోని నాకుతాడు. ప్రేమనుకున్నా," అన్నారాయన.

"ప్రేమేలెండి. ప్రేమతోపాటు స్టెరాయిడ్ కూడా దాని కడుపులోకి పోయింది."

"నేను అడిగితే ఎందుకు చెప్పలా?" అంది కరుణాకుమారి.

జకరయ్య గారు చేతుల్ని చూసుకున్నారు. "ఈ చేతులతో రొట్టె విరవాల. చూసినాక ఎవరు తింటారు? నువ్వు తింటావా?"

నాకు ఆయన మీద కోపం వచ్చింది, జాలి కూడా వేసింది. చేతుల సంగతి దాచబోయి మనిషి తాగుబోతు పేరు మోయడానికి సిద్ధపడ్డాడు. ఆ దాపరికంలో కుక్క పొట్ట వేలాడింది.

మాటలు పెరగకుండా నేను పనిలో పడ్డాను. నల్లోడు ఆ చేతులు ఇక నాకకూడదు, ట్యూబు దానికి అందకూడదు. అలాగని ఒక్కసారిగా ఆపేస్తే పడుకున్న గ్రంథులు వెంటనే లేవవు, కుక్క కుప్పకూలవచ్చు. అందుకని నేనే చిన్న మోతాదు స్టెరాయిడ్ బిళ్లలు రాసి, మెల్లగా తగ్గించే పద్ధతి చెప్పాను. నీరసపడినా, వాంతులు చేసుకున్నా, తిండి మానేసినా వెంటనే తీసుకురమ్మన్నాను. లివరు టానిక్కు రాయలేదు. కరుణాకుమారి అడిగింది, అయినా రాయలేదు.

"మీ సంగతికి నేను పనికిరాను," అని జకరయ్య గారితో అన్నాను. "నాది నాలుగు కాళ్ల వైద్యం. ఈ ట్యూబు పట్టుకుని నెల్లూరులో చర్మం డాక్టరు దగ్గరికి పొండి. తామరకి ఇలాంటి క్రీము కిరసనాయిలు పోసి మంట ఆర్పినట్టు."

బట్టల సంచి బల్ల కింద మర్చిపోయి వెళ్లారు. నేను పిలవలేదు. సాయంత్రం కాంపౌండరు చేత ఇంటికే పంపించాను.

కొన్ని నెలలు గడిచాయి. నల్లోడికి బిళ్లలన్నీ అయిపోయాయి. పొట్ట లోపలికి పోయి, డొక్కల మీద వెంట్రుకలు వచ్చి, గేటు దగ్గరే నన్ను చూసి మొరిగింది. మళ్లీ తీసిన నెత్తురులో ఏఎల్‌పీ దాదాపు మామూలుకి దిగింది. ఈసారి కూడా రిపోర్టు కరుణాకుమారి ఫోనుకే వచ్చింది. ఎర్ర గీతలు లేవని ఆమె కొంచెం నిరాశపడినట్టు నాకనిపించింది.

"మీవారి చేతులు?" అని అడిగాను.

"తగ్గినాయి మేడమ్. మచ్చలుండాయి. డాక్టరు గారు ఇంక అంటదు అన్నారు. అందాకా రొట్టె వేరేవాళ్లు విరిచినారు. మొన్న ఆదివారం పాస్టరు గారు మళ్లీ ఈయన్ని పిలిచినారు. ఈయన లేచి, అందరి ముందరా చొక్కా చేతులు పైకి మడిచినాడు. ఇదీ నా జబ్బు, దాచినాను, క్షమించండి అన్నాడు. రొట్టె విరిచి పళ్లెం చాపినాడు."

"తిన్నారా జనం?"

"ఒక్కరూ లేవలా. పాట కూడా ఆగిపోయింది. ఆయన పళ్లెం దించకుండా అట్టనే చాపుకోని ఉండాడు." కరుణాకుమారి నల్లోడి గొలుసు చేతికి చుట్టుకుంది. "ఆయన తాగినాడని అందరికంటే ముందు నమ్మింది నేను. అందుకని ముందు లేవాల్సింది కూడా నేనే గదా మేడమ్. పోయి రొట్టె తీసుకోని, ఆ చెయ్యి పట్టుకోని, ఆడనే నిలబడి తిన్నా."

కళ్లు తుడుచుకుని, మళ్లీ పరీక్షకి ఎప్పుడు రావాలో అడిగింది. అక్కర్లేదన్నాను.