తిట్టని అత్తగారు

భావ్‌నగర్‌లో ఇల్లంతా ‘బా’, అంటే అమ్మా, అని పిలిచే కాంచన్‌బా కోడళ్ళను తిట్టడంలో గట్టి మనిషి. ఆ తిట్లన్నీ పెద్దకోడలు ప్రజ్ఞకే పడేవి. చిన్నకోడలు కేత్కీకి ఒక్కటీ దక్కేది కాదు. ఎవరైనా ఇది విని అదృష్టవంతురాలు అనుకుంటారు. కేత్కీకి మాత్రం అది చూస్తే కడుపు మండిపోయేది.

ప్రజ్ఞ పప్పులో బెల్లం ఎక్కువేస్తే బా వంటింట్లో అందరికీ వినపడేలా కడిగేసేది. ప్రజ్ఞ కూడా తక్కువ తినలేదు, ‘మరి మీరే వండుకోండి బా, నాకూ కాస్త తీరిక దొరుకుతుంది’ అనేది. మధ్యాహ్నానికల్లా ఇద్దరూ హాల్లో ఉయ్యాల బల్ల మీద చేరేవాళ్ళు. బా ఆమె తలకు నూనె రాస్తూ వీధిలో వాళ్ళందరి గుట్టూ విప్పేది. నవ్వులే నవ్వులు. కేత్కీ గుమ్మంలో అడుగు పెట్టగానే ఆ నవ్వు తెగిపోయేది. ‘రా అమ్మా, కూర్చో’ అని బా ఎంతో మర్యాదగా జరిగేది. ఆ తర్వాత ముగ్గురూ ఎండల గురించి మాట్లాడుకునేవాళ్ళు. ఎండల గురించి ఎంతసేపని మాట్లాడతారు?

కేత్కీ వంట చేస్తే ‘బాగుంది’ అనేవాళ్ళు. ఉప్పు మరిచిపోయిన రోజు కూడా బా నోరెత్తకుండా తిని, బాగుందనే లేచింది. ఆ రోజు కేత్కీ బాత్రూంలో పంపు తిప్పుకుని ఏడ్చింది. బంధువులొస్తే పెట్టే మంచి గిన్నెలను కూడా అలమరలో దాచి ఇంతే జాగ్రత్తగా చూస్తారు, వాటిని ఎవరూ రోజూ వాడుకోరు. పెళ్ళై రెండో వేసవి వచ్చింది, తనింకా ఆ అలమరలోనే ఉంది.

మొదట్లో ఇలా లేదు. పెళ్ళైన కొత్తలో బా ఆమెనూ అనేది, సూరత్ పిల్లలకు తినడం వచ్చినంతగా వండడం రాదని ఎగతాళి చేసేది. అలా అన్నప్పుడల్లా కేత్కీ ముఖం ముడుచుకునేది, రాత్రి భర్త నీరవ్ దగ్గర ‘నాకు ఈ ఇంట్లో ఊపిరాడడం లేదు’ అని వాపోయేది. తర్వాత ఉన్నట్టుండి బా మాటలు ఆగిపోయాయి. ఎందుకు ఆగాయో కేత్కీకి తెలియదు. తను అక్కర్లేదని ఆగాయని తేల్చుకుంది.

మామిడికాయలు వచ్చాయి. ఆ ఇంట్లో ఏటా ఛుందో పెడతారు. పుల్లమామిడి తురుముకు ఉప్పు, పసుపు పట్టించి, పంచదార కలిపి, గిన్నె మూతికి పల్చటి గుడ్డ కట్టి మేడ మీద ఎండలో పెట్టాలి. సాయంత్రం పొడి గరిటెతో కలిపి లోపలికి తేవాలి. పాకం తీగ సాగేదాకా రోజూ ఇదే పని, ఆఖరున కారం, జీలకర్ర పడతాయి. ఈలోగా తడి తగిలితే అంతా పులిసిపోతుంది. తురమడానికి కేత్కీని కూడా పిలిచారు. నాలుగు కాయలు తురిమిందో లేదో, ‘చేతులు మండుతాయమ్మా, వెళ్ళి పడుకో’ అని బా పంపేసింది. ఎండబెట్టే బాధ్యత మొత్తం ప్రజ్ఞకు వెళ్ళింది. ఏడాది పొడవునా ఇల్లంతా తినే పచ్చడి అది, దాన్ని అప్పగించారంటే ఇల్లు అప్పగించినట్టే.

పాకం చిక్కబడుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం కేత్కీ మేడెక్కింది. తీసుకెళ్ళిన చెంబుతో మంచినీళ్ళు తాగింది. గిన్నె వంక చూసింది. గుడ్డ విప్పింది, చెంబులో మిగిలిన నీళ్ళు అందులో ఒంపేసి మళ్ళీ కట్టేసింది. తప్పని తెలుసు. తెలిసే చేసింది. ఒక్కసారైనా బా ప్రజ్ఞ మీద నిజంగా కోప్పడితే చూడాలని ఉంది ఆమెకు.

మూడు రోజులకు గిన్నెలో నురగ లేచింది. బా వాసన చూసి, నురగ చూసి, ప్రజ్ఞను పిలిచింది. ఈసారి తిట్టులో నవ్వు లేదు. ఇన్నేళ్ళు కాపురం చేసి ఒక గిన్నె కాపాడలేకపోయావంది. పుట్టింట్లో ఏం నేర్చుకున్నావంది. ప్రజ్ఞ ఎదురు చెప్పలేదు. తలవంచుకుని నిలబడి, గిన్నె ఎత్తుకుని పెరట్లోకి వెళ్ళింది. చూడాలనుకున్నది కళ్ళారా చూసిన కేత్కీకి నోరంతా చేదైపోయింది.

వెనకాలే పెరట్లోకి వెళ్ళింది. ప్రజ్ఞ గిన్నె తోముతోంది, తలెత్తలేదు.

“ఆ రోజు మేడ మీద బట్టలు తీస్తున్నాను. చీరల వెనక నేనున్నానని నువ్వు చూసుకోలేదు” అంది.

కేత్కీ ఆమె దగ్గరికి నడిచింది. “మరి బాతో ఎందుకు చెప్పలేదు భాభీ?”

“చెబితే ఏమవుతుంది? నిన్నెవరూ ఏమీ అనరు. కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావని నన్నే అంటారు. ఎటు తిరిగినా నాకే గదా.” ప్రజ్ఞ పీచు పక్కన పడేసింది. “నిన్ను చూస్తే నాకు ఎంత కుళ్ళో తెలుసా? నీ మొగుడు వెళ్ళి అమ్మ ముందు నిలబడ్డాడు. కేత్కీని ఇంకో మాటంటే వేరు కాపురం పెడతానన్నాడు. మా ఆయన ఇన్నేళ్ళలో ఒక్కసారి నా వైపు మాట్లాడాడా? నేను జోకులేసి నవ్విస్తాను, ఎందుకంటే లేకపోతే ఏడవాలి.”

కేత్కీ అక్కడే గట్టు మీద కూలబడింది. రాత్రి గదిలో తను చెప్పుకున్న గోడు తెల్లారేసరికి అత్తగారి దగ్గరికి చేరిందన్నమాట, అదీ బెదిరింపుగా మారి. మొగుడు తనకు మేలే చేశాననుకున్నాడు. ఆ మేలుతోనే తను ఇంట్లో చుట్టమైపోయింది. తప్పయిందని ప్రజ్ఞతో అంది. ప్రజ్ఞ మళ్ళీ పీచు అందుకుంది.

కేత్కీ తిన్నగా బా కూర్చున్న ఉయ్యాల దగ్గరికి వెళ్ళి, ఛుందోలో నీళ్ళు పోసింది తనేనని, కుళ్ళుతోనే పోశానని చెప్పేసింది. కాంచన్‌బా ముఖం ఎర్రబడింది, పెదాలు కదిలాయి, మళ్ళీ బిగుసుకున్నాయి.

“పోనీలే అమ్మా. కాయలు మళ్ళీ తెప్పిద్దాం” అంది.

“పోనీలే అనకండి బా. తిట్టండి.”

“నేను తిట్టడం, నువ్వు గదిలో చెప్పడం, వాడొచ్చి ఇల్లు రెండు చేస్తాననడం. ఆ మాట విన్నాక నాకు ఎన్ని రాత్రులు నిద్ర లేదో నీకేం తెలుసు? నిన్ను చూస్తేనే నాకు భయం తల్లీ.”

తనకు భయపడే మనిషి ఒకరుంటారని కేత్కీ కలలో కూడా అనుకోలేదు. “ఇక మీ మాట గది దాకా రాదు. ఏదున్నా మీతోనే తేల్చుకుంటాను” అంది.

బా కాలు నేలకు ఆనించి ఉయ్యాల ఆపింది. ఆ తర్వాత తిట్లు మొదలుపెట్టింది. ఏడాదిగా దాచుకున్నదంతా బయటికొచ్చింది. పాడుబుద్ధి అంది, అన్నం తినే మనిషి తిండిలో నీళ్ళు పోస్తుందా అంది, చేసిన పాపానికి ప్రజ్ఞ కాళ్ళు పట్టుకోమంది. కేత్కీ ఊహించుకున్న ముద్దు తిట్లు కావవి. ఒక్కోటి సూదిలా గుచ్చుకుంది. ప్రజ్ఞ ఇన్నేళ్ళు దేన్ని నవ్వుతూ మింగిందో అప్పుడు అర్థమైంది.

“మీ అమ్మ నీకు నేర్పింది ఇదేనా?” అంది బా చివరికి.

“నన్నెన్నయినా అనండి, పడతాను. మా అమ్మను మాత్రం అనొద్దు. భాభీ వాళ్ళమ్మనూ అనొద్దు.”

బా ఠక్కున ఆగిపోయింది. పెరటి గుమ్మంలో ప్రజ్ఞ తడి చేతులతో నిలబడి ఉంది. ఆమె వైపు చూసి బా చూపు దించుకుంది. “నోరు బాగానే ఉంది” అని గొణిగింది.

సాయంత్రం నీరవ్ కొట్టు నుంచి వచ్చేసరికి భార్య కళ్ళు ఉబ్బి ఉన్నాయి. “ఏమైంది? అమ్మ ఏమైనా అందా?” అని గొంతు తగ్గించి అడిగాడు.

“ఏమీ లేదు. కారం దంచాను” అంది కేత్కీ.

వంటింట్లోంచి బా కేక వినపడింది. “ఆ సూరత్ మహారాణి ఎక్కడ? రొట్టెలు మాడుతుంటే మొగుడితో ముచ్చట్లేంటి?”

నీరవ్ ముఖం మారింది. తల్లి మీదికి వెళ్ళబోతుంటే కేత్కీ అతని చెయ్యి పట్టుకుని ఆపింది. “నువ్వు మధ్యలోకి రాకు” అని, “వస్తున్నా బా, నాకున్నవి రెండే చేతులు” అంటూ వంటింట్లోకి నడిచింది.