వంద సీట్ల క్లాసు

మార్తమ్మ పెద్దమ్మ ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైంది. మంచాన పడ్డవాళ్లను ఇంట్లో ఎలా చూసుకోవాలో ఆన్‌లైన్‌లో గంటసేపు ఉచితంగా చెబుతానంటే, వెబినార్ ప్లాన్ నేనే కొన్నాను. ఐదువందల మంది దాకా పేరు నమోదు చేసుకోవచ్చు. ఒకేసారి లైవ్‌లో ఉండగలిగేది మాత్రం వందమందే. మూడువందల పన్నెండు మంది నమోదయ్యారు. నాలుగోవంతు కంటే ఎక్కువ రారులే అనుకున్నాను. నాది ఇంజినీరింగ్ చదువు మరి.

క్లాసు పదింటికి. తొమ్మిదీ నలభైకే లైవ్ నిండిపోయింది. ఫోన్ మోగింది.

"బిడ్డా, నేను అత్వెల్లి ఊరి నుంచి తారాబాయిని. లోపల్కి పోనిస్తలేదు, నిండిందంటాంది."

"రికార్డింగ్ పంపిస్తనమ్మా."

"గా రికార్డింగ్ జూస్తే నేను అడిగేదెట్ల? మా ఆయన్ని రేపే దవాఖాన నుంచి తెస్తున్నరు. నడుం కింద సోయి లేదు. మంచంల పక్కకు తిప్పుడు నాకు తెల్వదు."

లైవ్‌లో ఉన్నవాళ్ల పేర్లు చూశాను. సగానికి పైగా మా కౌకూర్ చర్చి వాళ్లే. పెద్దమ్మ ఇంటి పక్కనున్న చర్చి హాలుకు పరుగెత్తాను. అరవై ఒక్కమంది, ఎవరి ఫోన్ వాళ్లు పట్టుకుని, ప్రార్థనకు వచ్చినట్టు ముందే వచ్చి కూర్చున్నారు.

"మార్తమ్మక్క క్లాసు ఖాళీగుంటే మనకు ఇజ్జత్ ఉంటదా?" అన్నాడు పాటల బృందం పెద్ద గిడియోన్.

"అన్నా, మీరు లోపలుంటే పేషెంట్ల ఇంటోల్లు బయట ఉన్నరు."

"అయ్యో! గట్లనా? జల్దీ లైవ్ నుంచి బయటికి రాండ్రి అందరు. నా ఒక్క ఫోన్ తెరకు కలుపు రోజీ, అందరం దాంట్లనే జూస్తం."

"మేం జేసిన సాయం ఇగ చాలంట," అని వెనక నుంచి జక్కయ్య తాత గొణిగితే హాలంతా నవ్వింది.

ఆయన ఫోన్ హాలు తెరకు కలిపాను. అరవై సీట్లు ఖాళీ అయ్యాయి. తారాబాయికి ఫోన్ చేసి మళ్లీ లింక్ నొక్కమన్నాను. చేరింది.

పెద్దమ్మ దగ్గరికి తిరిగొచ్చాక ఇంకో తలనొప్పి మిగిలింది. ప్లాన్‌లో రికార్డింగ్ దాచుకునే చోటు రెండు గంటలే. పెద్దమ్మ రిహార్సల్స్ రెండూ అందులో గంటన్నర తినేశాయి.

"తీసెయ్," అంది పెద్దమ్మ. "వాటిల్ల దగ్గుడే ఎక్కువుంది."

తీసేసి, క్లాసు రికార్డింగ్ మొదలుపెట్టాను. మళ్లీ చూసే లింక్ ఏడు రోజులే పనిచేస్తుంది, అదీ వందమందికే. చర్చి వాళ్లెవరూ దాన్ని తెరవొద్దని గిడియోన్ అన్న మైకులో చెప్పాడు, లైవ్ దొరకనివాళ్లకు మిగలాలని.

క్లాసు సగంలో తారాబాయి ప్రశ్న తెరమీదకొచ్చింది: ఆయన బరువు మనిషి, నేను ఒక్కదాన్నే, ఎట్ల?

"గుంజకు తల్లీ, తోలు లేస్తది," అంది పెద్దమ్మ. మంచం మీద దిండ్లతో చేసిన మనిషి కింద మడతపెట్టిన దుప్పటి వేసి, మోకాలు వంచి, దుప్పటి కొస పట్టి మెల్లగా పక్కకు తిప్పి చూపించింది. "రెండు గంటలకోసారి. మొదటిసారి మాత్రం ఎవరన్న తోడుండాలె."

మర్నాడు మధ్యాహ్నం తారాబాయి ఫోన్ చేసింది.

"పక్కింటామె దుప్పటి ఆ కొస పట్టింది. తిప్పినం బిడ్డా. భుజాలు నొయ్యలేదన్నడు."