నా బోర్డు మీద ఎవరి జుట్టు?

నా నెత్తిన ఇంకెవరిదో జుట్టు ఉందని నేను కనిపెట్టింది మా ఆయన కంప్యూటర్ తెర మీద.

నాది జుట్టు కత్తిరించే పని. చాలాకాలం ఒకరి పార్లర్లో చాకిరీ చేసి, ఇప్పుడే సొంతంగా షాపు పెట్టుకుంటున్నాను. చిన్న గది. ఒక కుర్చీ, గోడంత అద్దం, తల కడిగే తొట్టి. గుమ్మం మీద పెద్ద బోర్డు, బోర్డు మీద నా మొహం. "నెట్లో బోలెడు అందమైన మొహాలున్నాయి మేడమ్, ఒకటి పెట్టేద్దాం" అని ప్రింటింగ్ ప్రెస్ అతను సలహా ఇచ్చాడు. షాపు నాదైనప్పుడు మొహం ఇంకెవరిదో ఎందుకు? ఒళ్ళు మండి, నా మొహమే కావాలని చెప్పి వచ్చాను.

ఫొటో తీసింది మా ఆయనే. ఆయనది ఫొటో స్టూడియో. పాత పార్లర్లో నా ఆఖరి రోజున, పని అయ్యాక తీశారు. పొద్దున్నుంచీ ఆవిరిలో నిలబడి తలలు కడిగి, క్రీములు పూసిన చేతులతోనే నా జుట్టు వెనక్కి తోసుకుంటూ ఉన్నానేమో, ఫొటోలో నా జుట్టు వానలో తడిసిన కాకిలా ఉంది. మాడుకి అతుక్కుపోయి, పాయలు పాయలుగా విడిపోయి, పాయకీ పాయకీ మధ్య మాడు కనిపిస్తూ, పైగా నూనె డబ్బాలో ముంచి తీసినట్టు మెరుస్తూ. పాపిడి సంగతి చెప్పనే వద్దు. నుదుటి దగ్గర బయలుదేరి ఎటు పోవాలో తెలియక వంకర్లు తిరిగింది.

"ఛీ ఛీ! ఇది చూసి నా షాపుకి ఎవరొస్తారండీ? తల స్నానం చేసొస్తాను, ఇంకోటి తీయండి" అన్నాను.

"జుట్టు నేను చూసుకుంటాలే. ఈ నవ్వు మళ్ళీ రాదు" అన్నారు ఆయన.

స్టూలు లాక్కుని ఆయన వెనక కూర్చున్నాను.

ఆయన పలక లాంటి టాబ్లెట్ మీద పెన్నుతో గీస్తారు, గీత తెర మీద పడుతుంది. ముందు నడినెత్తిని కొంచెం పైకి నెట్టారు. "ఇంకాస్త నెట్టండి" అన్నాను. "ఎక్కువ నెడితే వెనక గోడ కూడా వంగుతుంది, దొరికిపోతాం" అన్నారు. తర్వాత ఆ జిడ్డు మెరుపుల మీద, పక్కనున్న జుట్టు రంగునే తీసి, పల్చగా, పొరమీద పొరగా వేస్తూ పోయారు. మెరుపు చచ్చింది. ఆపైన కొత్త లేయర్ తెరిచి, వెంట్రుకంత సన్నని బ్రష్ పట్టారు.

అక్కడి నుంచి నేను నోరు మూసుకున్నాను. నాకది చాలా అరుదు.

నల్ల జుట్టు కదా అని నల్లరంగు ఒక్కటే వాడలేదు. నా జుట్టులోంచే మెడ దగ్గరి చీకటి రంగు, మధ్య రంగు, వెలుగు పడేచోట ఉండే గోధుమ రంగు, మూడూ ఏరుకున్నారు. కుదుళ్ళ దగ్గర పెన్ను నొక్కి పెట్టి, ఒక్క ఊపులో లాగి, చివర్న వదిలేస్తే వెంట్రుక కొస సన్నబడి మాయమవుతోంది. నెమ్మదిగా లాగితే గీత వణుకుతుందట. గీసింది బాగుండకపోతే చెరిపి మళ్ళీ ఒక్క ఊపు. ప్రతి వెంట్రుకా ముందు మాడు మీంచి కొంచెం లేచి, ఆ తర్వాతే పక్కకి పడుతోంది. ఒత్తు అంటే అదే, నేను రౌండ్ బ్రష్షూ డ్రయ్యరూ పట్టుకుని చేసేదీ అదే. పాయల మధ్య సందులు మూసుకుపోయాయి. అక్కడక్కడా ఒక వెంట్రుక ఇంకోదాన్ని దాటుకుని పోయింది.

పాపిడికి తెల్లగీత గీస్తారనుకున్నాను. ఊహూఁ. మాడు రంగే తీసి, నుదుటి దగ్గర కాస్త కనపడేట్టు, వెనక్కి పోయేకొద్దీ సన్నబడేట్టు ఒక దారి వేసి, రెండు పక్కలా కుదుళ్ళు చీకటి రంగుతో పొడిచి, అక్కడక్కడా ఒక వెంట్రుకని అడ్డంగా పోనిచ్చారు. చివర్న తల చుట్టూ నాలుగు పిచ్చి వెంట్రుకలు ఎగరేసి, ఫొటోలో ఉన్న మసకే వాటికీ పట్టించారు.

"అబ్బ! ఇది నేనేనా?" అన్నాను. బుగ్గ గిల్లుకోవాలనిపించింది.

అప్పుడు కనపడింది. పాపిడి మొదట్లో, ఎడమ కనుబొమ పైన, చిన్న కుచ్చు ఒకటి అన్ని వెంట్రుకలతో పాటు పడకుండా, ఎదురు తిరిగి పైకి లేచి ఉంది. ముందు సుడి. దాన్ని అణచలేక మా కస్టమర్లు ఎన్ని క్లిప్పులు పెడతారో నాకు తెలుసు. దువ్వెనకి లొంగదు, పుట్టుకతో రావాల్సిందే.

నాకు ఆ సుడి లేదు.

"ఇదేంటండీ?"

"ఏది? ఓ, అదా! చెయ్యి అలా పోతుందంతే. సహజంగా ఉంటుంది" అన్నారు, తల గోక్కుంటూ. గోక్కోవడానికి అక్కడ వెంట్రుకేమీ లేదు. మా పెళ్ళినాటికే మా ఆయనది నున్నటి బట్టతల.

మర్నాడు ప్రెస్ వైపు నడుస్తుంటే పళ్ళ డాక్టరమ్మ బోర్డు కనిపించింది. పాపిడి మొదట్లో కుచ్చు. ట్యూషన్ మాస్టారి పోస్టరు. కుచ్చు. మగ్గం వర్క్ టైలరమ్మ బోర్డులోనూ అదే కుచ్చు, అదే ఎడమ కనుబొమ పైన. అన్నీ మా ఆయన చేతి పనే. ట్యూషన్ మాస్టారి జుట్టు నేను స్వయంగా కత్తిరించాను, ఆయనకి ఏ సుడీ లేదు. వీధి వీధంతా ఒకే తల జుట్టు పెట్టుకుని నవ్వుతోంది.

చెయ్యి ఊరికే పోతుందా? నా చెయ్యి నిద్రలోనైనా మా అమ్మ జుట్టు జడ అల్లేయగలదు, ఎందుకంటే చిన్నప్పుడంతా అదే అల్లాను. కళ్ళు మూసుకున్నా చేతికి తెలిసేంతగా మా ఆయన చూసిన జుట్టు ఒకటుంది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆయన చెయ్యి మర్చిపోని జుట్టు. అది నాది కాదు. మరి ఎవత్తెది?

ప్రెస్ అతనితో "బోర్డు ఆపండి, జుట్టు తేలాలి" అన్నాను. అతనికేమీ అర్థం కాలేదు.

ఇంట్లో ముభావంగా తిరిగాను. ఆయన అడిగితే "ఏం లేదు" అన్నాను, గిన్నెలు మాత్రం ఉన్నదంతా చెప్పాయి. షాపు ఇంకా తెరవకపోయినా తెలిసినవాళ్ళకి పని మొదలుపెట్టాను. ఎవరొచ్చి కూర్చున్నా ముందు నుదుటి మీది జుట్టు ఎత్తి చూడటమే. పక్కింటి పిన్నిగారు "తలలో పేలేమైనా ఉన్నాయా అమ్మాయ్?" అని హడలిపోయారు. బ్యాంకావిడకి సుడి ఉంది కానీ అది కుడివైపు. ఆవిణ్ణి మాత్రం మనస్ఫూర్తిగా నవ్వుతూ పంపించాను.

ఇంతలో మా ఆడపడుచు దిగింది, షాపు తెరిచే ముందు సాయం చేస్తానని. ఆవిడ ఉండేది దూరం, ఎప్పుడో గానీ రాదు. వచ్చినా జుట్టు బిగించి క్లిప్పులు పెట్టుకుంటుంది, తల మీద చెయ్యి వేయనివ్వదు.

"ఈసారి వదలను. నా కొత్త తొట్టిలో మొదటి తల నీదే" అన్నాను.

"వద్దొదినా, నువ్వు నవ్వుతావు!"

"నవ్వను, రా."

క్లిప్పులు తీసి, తల కడిగి, తుడిచి, దువ్వెన పెట్టానో లేదో, ఎడమ కనుబొమ పైన కుచ్చు టక్కున లేచి నిలబడింది. దువ్వాను. లేచింది. తడిపి దువ్వాను. మళ్ళీ లేచింది.

"చూశావా, నవ్వుతున్నావు" అంది అద్దంలోంచి.

"నవ్వట్లేదు. ఇది... ఎక్కడిది నీకు?"

"మా ఇంటి సుడి వదినా ఇది! నాకంటే అన్నయ్యది ఇంకా పెద్దది. ఎంత జుట్టనుకున్నావు వాడికి! స్కూలుకెళ్ళే ముందు అద్దం దగ్గర నిలబడి దాన్ని నీళ్ళతో అణిచేవాడు, అణిచేవాడు, బస్సు వెళ్ళిపోయేది. కుర్రతనంలోనే రాలడం మొదలైంది. తలకి ఎన్ని మందులు రాసుకున్నాడో పాపం. ఒకరోజు అన్నీ తీసి పారేసి నున్నగా గీయించుకొచ్చి, 'పీడా పోయింది, దువ్వెన ఖర్చు మిగిలింది' అన్నాడు. అందరం నవ్వాం. వాడూ నవ్వాడు."

నేను తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఇన్నాళ్ళూ ఊరి తలలన్నీ ఎత్తి చూశాను గానీ, నా పక్కనే పడుకునే తల గురించి తట్టలేదు. పాత ఫొటోలు చూపించమంటే "ఫొటోలు తీసేవాణ్ణి ఎవరు తీస్తారోయ్" అని తప్పించుకునేవారు. నేనూ వదిలేశాను.

ఆ సాయంత్రం స్టూడియోకి వెళ్ళేసరికి ఆయన తెర మీద నా ఫొటో ఉంది. కుచ్చు చెరిపేశారు. ఆ చోట వెంట్రుకలు బుద్ధిగా, మిగతావాటితో పాటే పక్కకి పడుతున్నాయి. పాపిడి చక్కగా, శుభ్రంగా ఉంది. పనిలో తప్పు పట్టడానికి లేదు.

"నీ జుట్టు నీకు తెచ్చేశాను. ఇక అన్నం వేళ గిన్నెలు మోగకుండా ఉంటాయా?" అన్నారు.

"అది ఉండనివ్వండి. మన పెళ్ళి ఫొటో తీయండి."

తీశారు. బట్టతల పెళ్ళికొడుకు, పక్కన నేను.

"మీకు జుట్టు పెట్టండి. ఆ సుడితో సహా."

ఆయన నా వైపు చూశారు. చెల్లెలు వచ్చిన సంగతి గుర్తొచ్చినట్టుంది. పెన్ను తీసుకుని ఒక్క వెంట్రుక లాగారు. వణికింది. చెరిపారు. ఇంకోటి లాగారు. అదీ వణికింది. వీధి నిండా జుట్టు మొలిపించిన చెయ్యి, సొంత నెత్తి మీద ఒక్క వెంట్రుక నిలబెట్టలేకపోయింది.

"రావట్లేదోయ్" అన్నారు నవ్వబోయి. "వేరేవాళ్ళ తల మీదయితే నిజంలా ఉంటుంది. నా మీద అబద్ధంలా ఉంది."

నాకు ఏడుపొచ్చింది. ఆయన ఎదుట ఏడవడం నా వల్ల కాదు, అందుకే కసిరాను. "సరే, సరే, మూసేయండి ఆ ఫొటో. బోర్డుకి మొదట చేసిందే పంపండి. సుడి ఉన్నది."

"అది నీకు లేదుగా! షాపు తెరిచిన రోజు బోర్డూ నువ్వూ పక్కపక్కన నిలబడితే జనం ఏమంటారు?"

"అది నా పని. మీరు పంపండి."

షాపు తెరిచే రోజు అద్దం ముందు నా వృత్తిలో ఎన్నడూ చేయని పని చేశాను. బతుకంతా సుడులు అణచేదాన్ని, ఒకటి నిలబెట్టాను. ఎడమ కనుబొమ పైన కుచ్చు తీసి, తడిపి, కుదుళ్ళ దగ్గర దువ్వెనతో ఎదురు దువ్వి, సన్న బ్రష్‌కి చుట్టి, డ్రయ్యర్ గాలి కింద నుంచి పట్టి, చల్లారేదాకా వేలితో ఆపాను. స్ప్రే కొట్టాను. మొండిది, రెండుసార్లు పడిపోయింది. మూడోసారి నిలబడింది.

ఆయన గుమ్మం బయట బోర్డు వంకరగా ఉందేమో చూస్తున్నారు. నేను వెళ్ళి దాని కింద నిలబడ్డాను. ఆయన బోర్డు చూశారు, నన్ను చూశారు. మళ్ళీ నన్నే చూశారు. దగ్గరికొచ్చి, అరచెయ్యి తడిచేసుకుని, ఆ కుచ్చు మీద పెట్టి మెల్లగా అణిచారు.

అది టక్కున లేచింది.

"అంతే, అణగదు. ఎంత నీళ్ళు పెట్టినా అణగదది" అన్నారు ఆయన.