ఎనిమిది పేజీల కవరు

సుధారశ్మి ఆర్థో హాస్పిటల్ అడ్మినిస్ట్రేటర్ ప్రభాకరరావుకు ఒక గొప్ప విద్య వచ్చు. ఎదుటి మనిషి ఎంతసేపు మొత్తుకున్నా ఒక్క ముక్క చెవిలోకి పోనివ్వకుండా తల ఊపగలడు. నరసరావుపేటలో, గాజు తలుపుల వెనక ఏసీ గదిలో కూర్చుని మూడు వారాలుగా అన్నపూర్ణ ముందు ఆ విద్యే ప్రదర్శిస్తున్నాడు.

అన్నపూర్ణది పిడుగురాళ్ల. సున్నపు బట్టీలో పని చేస్తుంది. భర్త కొండలు క్వారీ లారీ డ్రైవరు. 2024 ఫిబ్రవరిలో లోడు మీద పట్టా కడుతూ జారిపడితే ఎడమ కాలు మోకాలి కింద విరిగింది. సుధారశ్మిలో ఆపరేషన్ చేసి లోపల ప్లేటు వేశారు. రెండు నెలలు తిరక్కుండానే కుట్ల దగ్గర చీము మొదలైంది. వెళ్లిన ప్రతిసారీ కట్టు మార్చి, "సున్నం దుమ్ములో బతికేవాళ్లకు ఇట్టాగే ఉంటది" అని పంపించారు. దుమ్ము చర్మం కోసుకుని, ఎముక మీదున్న ప్లేటు దాకా ఎలా పోయిందో మాత్రం చెప్పలేదు.

చివరికి గుంటూరులో వేరే డాక్టరుకు చూపించారు. ఆయన కాలు నొక్కి చూసి ప్లేటు తీసెయ్యాలన్నాడు. అయితే అది ఏ కంపెనీదో, ఏ రకం స్క్రూలు వేశారో ముందే తెలిస్తే దానికి సరిపోయే పరికరాలు తెప్పించుకోవచ్చు. అందుకని ఆపరేషన్ నోట్సు, ఎక్స్‌రేలు, ఇంప్లాంట్ స్టిక్కరున్న కాగితం తెమ్మని చీటీ రాసిచ్చాడు. ఆలస్యమైతే చీము ఎముకలోకి పోతుందని కూడా చెప్పాడు.

ఆ చీటీ పట్టుకుని అన్నపూర్ణ నాలుగుసార్లు పిడుగురాళ్ల నుంచి బస్సెక్కింది. మొదటిసారి రికార్డు రూము తాళాలున్న మనిషి సెలవన్నారు. రెండోసారి కంప్యూటరు పనిచెయ్యడం లేదన్నారు. మూడోసారి అర్జీ రాసివ్వమన్నారు. రాసిచ్చింది. కౌంటర్లో పిల్ల దాన్ని తీసుకుని ట్రేలో పడేసింది. ముద్ర వెయ్యలేదు, నకలు మీద సంతకం పెట్టలేదు. నాలుగోసారి వెళ్తే ప్రభాకరరావు నొసలు చిట్లించాడు.

"ఏం అర్జీ అమ్మా? మీరేమీ ఇవ్వలేదే."

"మొన్న బుధవారం ఇచ్చా గదా సార్. ఆ పిల్ల చేతికే ఇచ్చా."

"ఏమ్మా, నువ్వేమన్నా తీసుకున్నావా?" అని ఆయన కౌంటరు వైపు అరిచాడు. ఆ పిల్ల కళ్లెత్తకుండానే తల అడ్డంగా ఊపింది. పై ఉద్యోగి నుంచి కింది ఉద్యోగి దాకా తల ఊపడమే నేర్పినట్టున్నారు.

"చూశారా? చదువుకోని వాళ్లతో ఇదే ఇబ్బంది," అన్నాడు ప్రభాకరరావు. "ఎక్కడిచ్చారో మీకే గుర్తుండదు."

అన్నపూర్ణ పదో తరగతి పాసైంది. ఆ సంగతి చెప్పాలనిపించలేదు. చెప్పడానికి అవతల మనిషంటూ ఉండాలి గదా అనుకుంది.

బయటికొచ్చి కోర్టు ఎదురుగా ఉన్న జిలానీ టైపింగు సెంటరుకు పోయింది. జిలానీ ఇరవై ఏళ్లుగా నోటీసులూ అఫిడవిట్లూ టైపు చేస్తున్న మనిషి. వకీళ్ల మీద గౌరవం లేదు, ఆఫీసర్ల మీద అంతకన్నా లేదు. ఆమె చెప్పిందంతా విని ఒక్కటే అడిగాడు.

"ఇచ్చినట్టు నీ చేతిలో ఏముందక్కా?"

"ఏముంటది? నా నోరుంది."

"నోరు వాళ్లకీ ఉంది. నీకన్నా పెద్దది. చేత్తో ఇచ్చే పని ఇక వద్దు."

రోగి గాని, రోగి రాసిచ్చిన మనిషి గాని అడిగితే డెబ్బై రెండు గంటల్లో రికార్డులివ్వాలనే నిబంధన ఉందని జిలానీ చెప్పాడు. అడగలేదని బొంకితే ఆ గడియారం మొదలే కాదు. అదే వాళ్ల తెలివి. అందుకని ముందు కొండలు చేత, తన తరఫున రికార్డులు తీసుకునే అధికారం భార్యకు ఇస్తున్నట్టు కాగితం రాయించి సంతకం పెట్టించుకు రమ్మన్నాడు. మర్నాడు ఆమె అది తెచ్చింది. ఫిర్యాదు మూడు పేజీలైంది. ఆ తర్వాత దానిపైన పెట్టే కవరింగ్ లెటరు మొదలెట్టాడు.

"అందులో రాయి," అంది అన్నపూర్ణ. "నా మొగుడి కాలు కుళ్లబెట్టారు, ఆ ఉసురు ఊరికే పోదు, దేవుడు చూస్తనే ఉన్నాడని రాయి."

"దేవుడికి కాపీ పెట్టటల్లేదక్కా. జిల్లా వైద్యాధికారికి పెడుతున్నాం. కోపం ఉంటే ఫిర్యాదులో ఉండాల. దీనికి కోపం ఉండకూడదు. లెక్క ఉండాల."

అని టైపు చేశాడు: "పై విషయమై నా ఫిర్యాదును ఈ ఉత్తరంతో జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో, ఇదే రోజు ఈమెయిల్‌లో కూడా పంపుతున్నాను. జతచేసినవి: ఫిర్యాదు, మూడు పేజీలు. డిశ్చార్జి సమ్మరీ నకలు, రెండు పేజీలు. గుంటూరు డాక్టరు చీటీ నకలు, ఒక పేజీ. నా భర్త ఇచ్చిన అధికార పత్రం, ఒక పేజీ. ఈ ఉత్తరంతో కలిపి మొత్తం ఎనిమిది పేజీలు. వీటిలో ఏది అందకపోయినా, చదవడానికి వీలుకాకపోయినా మూడు రోజుల్లో ఈ కింది నంబరుకు తెలియజేయగలరు."

అన్నపూర్ణ రెండుసార్లు చదివింది. "ఇంత చప్పగా ఉందేంది?"

"చప్పగానే ఉండాల. దీన్ని చదివి ఎవురూ ఏడవక్కర్లా. అందలేదని అనకుండా ఉంటే చాలు."

రెండు కవర్లు తయారుచేశారు, ఒకటి ఆసుపత్రి సూపరింటెండెంటుకు, ఇంకొకటి జిల్లా వైద్యాధికారికి. హెడ్ పోస్టాఫీసులో రిజిస్టర్ చేయించేటప్పుడు వెనక, అందినట్టు సంతకం పడి తిరిగొచ్చే అకనాలెడ్జ్‌మెంటు కార్డు కట్టించింది. కార్డు మీద, జిలానీ చెప్పినట్టే, "రికార్డుల గురించి ఫిర్యాదు, ఎనిమిది పేజీలు" అని గుండ్రటి అక్షరాలతో రాసింది. రసీదులు తెచ్చాక జిలానీ వాటినీ, ఎనిమిది పేజీలనూ స్కాన్ చేసి, ఆమె ఫోనులో మెయిల్ తెరిచి, ఆసుపత్రి బిల్లు మీద అచ్చేసిన అడ్రసుకు పంపాడు. వైద్యాధికారి కార్యాలయానికి కాపీ పెట్టాడు. పోస్టు రసీదు నంబరు మెయిల్లోనే రాశాడు.

నిమిషం తిరగకుండా జవాబొచ్చింది. "మీ అభిప్రాయం మాకు అమూల్యం. మీ ఫిర్యాదు నంబరు 2217. మీ నడకే మా చిరునవ్వు!" కింద పరుగెత్తుతున్న కుర్రాడి బొమ్మ.

అన్నపూర్ణ ఆ బొమ్మ మీద వేలు పెట్టింది. "ఈడికి ఆపరేషన్ చేసిన డాక్టరు వేరే ఆసుపత్రిలో ఉంటాడు," అంది.

మూడో రోజు పోస్టు వెబ్‌సైటులో 'డెలివర్డ్' అని కనిపించింది. జిలానీ ఆ పేజీ ప్రింటు తీసి దాచమన్నాడు. ఐదో రోజు ఆసుపత్రికి పంపిన కవరు తాలూకు కార్డు తిరిగొచ్చింది. దానిమీద ఆసుపత్రి గుండ్రటి ముద్ర, తేదీ, సంతకం ఉన్నాయి. రికార్డులు మాత్రం రాలేదు. ఆరో రోజు మరో మెయిల్ వచ్చింది. జిలానీ చదివి వినిపించాడు: "ఫిర్యాదు 2217 పరిష్కరించబడింది. మూసినవారు: ప్రభాకరరావు, అడ్మినిస్ట్రేటర్. మా సేవకు ఎన్ని నక్షత్రాలిస్తారు?"

"చదివి మూశాడన్నమాట," అన్నాడు జిలానీ, తొలిసారి నవ్వుతూ. "ప్రింటు తీద్దాం."

వైద్యాధికారి కార్యాలయం నుంచి విచారణకు రమ్మని అన్నపూర్ణకూ ప్రభాకరరావుకూ పిలుపు వచ్చింది. అప్పటికి కొండలుకు జ్వరం వస్తూ పోతూ ఉంది. నులకమంచం మీద కాలు దిండెక్కించి పడుకున్నాడు. పొద్దున ఆమె బయల్దేరుతుంటే చెయ్యి పట్టుకున్నాడు.

"ఆళ్లు పెద్దోళ్లే. గొడవెందుకు? కాలు పోతే పోయింది, ఏదో ఒకటి చేసుకు బతుకుతా."

"కాలు నీదైతే గొడవ నాది," అంది అన్నపూర్ణ. గొంతు కోపంగానే పలికింది గానీ చెయ్యి విడిపించుకోవడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది.

విచారణ చేసింది ఒక డాక్టరమ్మ. మితభాషిణి. ప్రభాకరరావు ఇస్త్రీ చొక్కాతో, చేతిలో తోలు ఫైలుతో వచ్చాడు. ఆ ఫైల్లో ఏముందో ఆఖరిదాకా ఎవరికీ తెలియలేదు, ఆయన తెరవలేదు.

"కవరొచ్చిన మాట నిజమే మేడమ్," అన్నాడు. "అందులో రెండు తెల్లకాగితాలు తప్ప ఏమీ లేవు. ఈమధ్య కొందరు ఇట్టాంటి ట్రిక్కులు చేస్తున్నారు. ఖాళీ కాగితాలు పంపి, రసీదు చూపించి బెదిరిస్తారు."

అన్నపూర్ణ నోరు తెరవబోయింది. డాక్టరమ్మ చెయ్యెత్తి ఆపింది.

"తెల్లకాగితాలొస్తే ఈవిడకు చెప్పారా?"

"ఎవరు పంపారో తెలియాలి గదా మేడమ్."

"కవరు మీద పంపినవాళ్ల పేరు, ఫోను నంబరు ఉంటాయి. కార్డు మీద కూడా. కార్డు మీద ఎనిమిది పేజీలని రాసుంది. మీ వాళ్లు ముద్ర వేసి తీసుకున్నారు."

"రిసెప్షన్ పిల్లలు చూసుకోరండి."

"సరే. మెయిల్?"

"స్పామ్‌లోకి పోయుంటది మేడమ్. నా దాకా రాలేదు. ఈ ఫిర్యాదు సంగతే నాకు నిన్న మీ నోటీసు చూసేదాకా తెలియదు."

డాక్టరమ్మ అన్నపూర్ణ ఇచ్చిన కాగితాల్లోంచి ఒకటి బయటికి తీసి ఆయన ముందు పెట్టింది. "ఫిర్యాదు 2217. మూసినవారు మీరే. తెలియని ఫిర్యాదును ఎట్లా పరిష్కరించారు?"

ప్రభాకరరావు ఆ కాగితాన్ని ఒకసారి తిప్పి చూశాడు. తర్వాత తల ఊపడం మొదలుపెట్టాడు. అలవాటైన పని గదా.

"సిస్టం దానంతటదే మూస్తది మేడమ్," అన్నాడు చివరికి.

"దానంతటదే మూసేదానికి మీ పేరెందుకు పెట్టుకుంది? ఈవిడ పంపిన ఫిర్యాదు మెయిల్ కాపీ మాకూ వచ్చింది. ఎనిమిది పేజీలూ ఉన్నాయి. పోస్టులో మాకొచ్చిన కవర్లోనూ ఎనిమిదే ఉన్నాయి. మీ ఒక్కరికే తెల్లబడ్డాయా?"

మాట్లాడే అవకాశం ఇస్తే అన్నపూర్ణ ఒకే ఒక మాటంది. "చదువుకోని దాన్ని సార్. ఎన్ని పేజీలో రాసుకుని పెట్టుకున్నా. చదువుకున్న మీరు రెండంటున్నారు."

మర్నాడు మధ్యాహ్నంలోగా రికార్డులు ఆ కార్యాలయంలోనే అప్పగించాలని డాక్టరమ్మ రాతపూర్వకంగా చెప్పింది. కౌంటరు పిల్ల తెచ్చింది, ప్రభాకరరావు రాలేదు. సంతకం పెట్టమంటే అన్నపూర్ణ బల్ల దగ్గర కూర్చుని ఒక్కో కాగితమూ తిప్పి లెక్కపెట్టింది. నలభై మూడు పేజీలు, ఆరు ఎక్స్‌రేలు. ఆ లెక్క రాశాకే సంతకం పెట్టింది. ఆ పిల్ల నిలబడి చూస్తూ, ఎవరూ వినకుండా, "ఆ రోజు మీరిచ్చారు పిన్నీ. చెప్పొద్దన్నారు," అంది.

అన్నపూర్ణకు తిట్టాలనిపించింది. ఆ పిల్ల కళ్ల కింద నలుపు చూసి ఊరుకుంది.

గుంటూరు డాక్టరు స్టిక్కరున్న కాగితం చూసి పరికరాలు తెప్పించాడు. ప్లేటు తీశాడు. ఎముకకు పట్టిన చీము గీకి, వారాల తరబడి సూదిమందులు ఎక్కించాడు. కాలు నిలిచింది. కాకపోతే అర అంగుళం పొట్టిదైంది. కొండలు ఇప్పుడు లారీ నడపడం లేదు, క్వారీ కాటా దగ్గర చీటీలు రాస్తున్నాడు. కుంటుతూ నడుస్తాడు, కానీ తన కాళ్ల మీదే నడుస్తాడు.

సుధారశ్మికి సంజాయిషీ నోటీసు వెళ్లింది. ఆ ఆసుపత్రి యాజమాన్యం ప్రభాకరరావును ఏమీ అనలేదు. అదే గది, అదే ఏసీ. కాకపోతే కౌంటరు మీద కొత్త బోర్డు పెట్టించాడు: "దరఖాస్తులు చేతితో మాత్రమే స్వీకరించబడును." ఆ సంగతి జిలానీ ఫోనులో చెప్పినప్పుడు అన్నపూర్ణ బట్టీ దగ్గర మొహానికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగి పడీపడీ నవ్వింది. పక్కనున్న ఆడాళ్లు ఏందే అని అడిగితే, "నరసరావుపేటలో ఒకాయన చదువుకుంటున్నాడు," అని చెప్పి మళ్లీ పార అందుకుంది.